చిట్టీలో పట్టని ప్రశ్న

పదో తరగతి యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతుంటే ఒకరోజు ఏడు పేపర్లలో ఒకే తప్పు కనిపించింది. గాంధీజీ 1930 మార్చి 12న దండిలో ఉప్పు తీసి చట్టాన్ని ఉల్లంఘించాడని ఏడుగురూ రాశారు. మార్చి 12 ఆయన సబర్మతి ఆశ్రమం నుంచి బయల్దేరిన రోజు. దండి చేరింది ఏప్రిల్ 5న, ఉప్పు తీసింది ఏప్రిల్ 6 పొద్దున. ఒకరిద్దరు పొరపడితే అది పిల్లల పొరపాటు. ఏడుగురు ఒకే మాటలతో, ఒకే వరసలో పొరపడ్డారంటే అది ఒక్కరి పొరపాటు, మిగతా ఆరుగురిదీ చూచిరాత. హాజరుపట్టీ పక్కన పెట్టుకుని చూస్తే ఏడుగురూ వెనకా ముందూ ఉన్న మూడు బెంచీల వాళ్లే.

వాళ్లు దొరికిపోయారు, సరే. ఆ రాత్రి నన్ను వేధించింది మిగతా ముప్పై మూడు పేపర్లు. వాటిలో తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. 78 మంది అనుచరులు, సుమారు 240 మైళ్లు, 24 రోజులు, ధారాసన, అరెస్టులు అన్నీ వరసగా ఉన్నాయి. ఎవరు చదివి రాశారో, ఎవరు గైడు పేజీని మోకాలి కింద పెట్టుకుని రాశారో, ఎవరు పక్కవాడి పేపర్లోకి తొంగిచూశారో చెప్పడానికి నాకు ఒక్క ఆనవాలూ లేదు. తప్పు రాసినవాడు కాపీ కొట్టాడని పట్టుకోగలిగాను గానీ ఒప్పు రాసినవాడు చదివాడని చెప్పలేకపోయాను. తప్పు పిల్లలది కాదని, నేనిచ్చిన ప్రశ్నదని అప్పుడు అర్థమైంది. "ఉప్పు సత్యాగ్రహం గురించి వ్రాయండి" అని అడిగాను. దానికి సరైన జవాబు ఒక్కటే. అది గైడులో పదహారు లైన్లలో అచ్చయి ఉంది. దాన్ని చిట్టీ మీద చిన్న అక్షరాలతో రాస్తే అగ్గిపెట్టెలో పడుతుంది.

కాపీని ఆపడమంటే మనకు వెంటనే గుర్తొచ్చేది కాపలా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే పబ్లిక్ పరీక్షల్లో అక్రమాల నిరోధానికి ప్రత్యేక చట్టం తెచ్చారు. ఫ్లయింగ్ స్క్వాడ్లు, గేటు దగ్గర తనిఖీలు, సీసీ కెమెరాలు అన్నీ ఆ దారిలోవే. పబ్లిక్ పరీక్షకు అవి ఉండాల్సిందే. కానీ ఏడాది పొడుగునా స్కూల్లో జరిగే స్లిప్ టెస్టులకూ యూనిట్ టెస్టులకూ స్క్వాడ్ రాదు. నలభై మంది పిల్లలు, బెంచీకి ఇద్దరో ముగ్గురో, ఒక్క టీచరు. అక్కడ టీచరు చేతిలో ఉన్న సాధనం ప్రశ్నపత్రం ఒక్కటే. చరిత్ర టెస్టులో ఆ సాధనంతో చేయగలిగినవి మూడున్నాయి. పేపరును రెండు మూడు రకాలుగా తయారు చేయడం, పాఠంలో నేర్చుకున్నదాన్ని కొత్త సందర్భానికి అన్వయించమనడం, పిల్లలు అంతకుముందు చూడని ఆధారాన్ని ఇచ్చి చదివించడం. మూడింటికీ మూలసూత్రం ఒకటే: నిజాయితీగా రాసిన ఇద్దరు పిల్లల సరైన జవాబులు ఒకేలా ఉండకూడదు. ఉప్పు సత్యాగ్రహం పాఠాన్నే తీసుకుని, 25 మార్కుల టెస్టు ఎలా తయారు చేస్తామో చూద్దాం.

ముందు సెట్ల సంగతి. బిట్లను వరస మార్చి ఎ, బి సెట్లుగా ఇవ్వడం చాలామంది టీచర్లు చేస్తున్నదే. మూడో బిట్టుకు జవాబు "సి" అని వేళ్లతో చూపించే పని దీనివల్ల ఆగుతుంది. కానీ పిల్లలు అక్షరం చెప్పుకోవడం మానేసి నేరుగా జవాబే చెప్పుకుంటారు. "ఇర్విన్" అని గుసగుసలాడితే చాలు, అది ఏ వరసలో ఉన్నా గీత గీసుకోవచ్చు. అందుకే వరస మార్పు ఒక్కటే చాలదు, బిట్టు లోపలి విషయమే మారాలి. ఒక సెట్లో గాంధీజీ ఎక్కడి నుంచి బయల్దేరాడని అడిగితే, రెండో సెట్లో అదే సంఖ్య దగ్గర ధారాసనలో సత్యాగ్రహులకు నాయకత్వం వహించినది ఎవరని అడగాలి. గుసగుసగా వినిపించిన "సబర్మతి" అప్పుడు సరోజినీ నాయుడి ప్రశ్నకు పనికిరాదు.

కూర్చోబెట్టే పద్ధతిలోనూ చిన్న లెక్క ఉంది. రెండే సెట్లుంటే వాటిని చదరంగం గళ్లలా పంచాలి. ముందు బెంచీలో ఎ, బి, ఎ, బి అని మొదలుపెడితే దాని వెనక బెంచీలో బి, ఎ, బి, ఎ అని రావాలి. అప్పుడు ఎడమ, కుడి, ముందు, వెనక నలుగురి దగ్గరా వేరే సెట్టే ఉంటుంది. మూలల్లో ఉన్నవాళ్ల దగ్గర మాత్రం అదే సెట్టు ఉంటుంది. చుట్టూ ఉన్న ఎనిమిది మందికీ వేరే సెట్టు రావాలంటే నాలుగు కావాలి: ఒక బెంచీలో ఒకటి, రెండు, ఒకటి, రెండు, దాని వెనక మూడు, నాలుగు, మూడు, నాలుగు, మూడో బెంచీలో మళ్లీ మొదటిదే. నాలుగు పూర్తి పేపర్లు తయారు చేయడం ఒక టీచరుకు భారం. నేను చేసేది మధ్యేమార్గం. బిట్లను నాలుగు వరసల్లో ఇస్తాను. పెద్ద ప్రశ్నలు రెండు రకాలే తయారు చేసి వాటిని చదరంగం గళ్లలా పంచుతాను. ఏటవాలుగా కూర్చున్నవాడి పేపర్లో బిట్టు చూడొచ్చు గానీ ఎనిమిది మార్కుల జవాబును అంత దూరం నుంచి చూసి రాయడం కష్టం.

బిట్లు కలిపేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు. "పైవన్నీ" అనే ఆప్షను వరస మారితే పైకి వెళ్లిపోతుంది, "పైవన్నీ" అన్న మాటకు అర్థమే ఉండదు. "ఎ మరియు సి" అన్నదీ అంతే. వరస మార్చే పేపర్లో ఈ రెండూ అసలు వాడకూడదు. రెండోది కీ. నాలుగు సెట్లకు విడివిడిగా కీ రాస్తే ఎక్కడో ఒకచోట తప్పు పడుతుంది. ముందు జవాబులను మాటల్లో రాసుకుని, అప్పుడు ఒక్కో సెట్లో ఆ మాట ఏ అక్షరం దగ్గరుందో చూసి రాసుకుంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. సెట్టు సంఖ్య రాయడం మర్చిపోయే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు కాబట్టి పేపర్లు తీసుకునేటప్పుడే సెట్ల వారీగా కట్టలు కట్టడం మంచిది.

సెట్లు ఆపేది పక్కవాడి నుంచి చూసి రాయడాన్ని మాత్రమే. జేబులో ఉన్న చిట్టీని, ఇంట్లో బట్టీ పట్టిన గైడును అవి ఆపలేవు. దానికి కొత్త ఆధారం కావాలి. పరీక్షలో ఆధారం ఇవ్వడమంటే ఆ కాలపు ఉత్తరమో, పత్రికలో వచ్చిన వార్తో, ప్రభుత్వ నివేదికలోని ముక్కో, ఫొటోనో ఇచ్చి దానిమీద ప్రశ్నలడగడం. ఇది మనకు బొత్తిగా కొత్త కాదు. పేరా ఇచ్చి వ్యాఖ్యానించమనే ప్రశ్న మన సోషల్ పేపర్లలో ఉంటూనే ఉంది. సీబీఎస్ఈ పేపర్లలోనూ ఆధారం మీద ప్రశ్నలున్నాయి. అమెరికాలో చదివే మన బంధువుల పిల్లలు రాసే ఏపీ హిస్టరీ పరీక్షలోనైతే ఏడు ఆధారాలిచ్చి వాటితో ఒక వాదన కట్టమని అడిగే పెద్ద ప్రశ్న ఉంటుంది. ఆ పద్ధతి అక్కడ 1973లోనే మొదలైంది. మన దగ్గర చిక్కెక్కడ వచ్చిందంటే, ఆ పేరాను తరచూ పాఠ్యపుస్తకం నుంచే తీస్తున్నాం. పుస్తకంలో ఎన్ని పేరాలుంటాయో గైడు వేసేవాళ్లకు తెలుసు. ప్రతి పేరాకు వ్యాఖ్యానం ముందే అచ్చవుతుంది. పిల్లవాడు మొదటి లైను చూసి ఏ వ్యాఖ్యానమో గుర్తుపట్టి బట్టీ పట్టినది దింపేస్తాడు. పేరు ఆధారం ప్రశ్న, జరిగేది మళ్లీ జ్ఞాపకశక్తి పరీక్షే.

కాబట్టి ఆధారం కొత్తదై ఉండాలి. ఉప్పు సత్యాగ్రహానికి నేను వాడినది గాంధీజీ యాత్రకు పది రోజుల ముందు, 1930 మార్చి 2న, వైస్రాయ్ ఇర్విన్‌కు రాసిన ఉత్తరం. ఉత్తరం రాశాడన్న సంగతి పిల్లలకు తెలుసు. అందులో ఏముందో చాలామందికి తెలియదు. ఎ సెట్టుకు అందులోని ఒక భాగం సారాంశాన్ని తేలిక తెలుగులో ఇచ్చాను. వైస్రాయ్ జీతం నెలకు 21,000 రూపాయలు, అంటే రోజుకు 700 రూపాయల పైనే. భారతీయుడి సగటు ఆదాయం రోజుకు రెండు అణాలకన్నా తక్కువ. బ్రిటన్ ప్రధానమంత్రికి రోజుకు 180 రూపాయలు, అక్కడి మనిషి సగటు ఆదాయం రోజుకు దాదాపు రెండు రూపాయలు. ఈ పోలిక చూపించాక, వైస్రాయ్‌ని వ్యక్తిగా నొప్పించాలని తనకు లేదని, మనిషిగా ఆయనంటే గౌరవమని కూడా గాంధీజీ రాస్తాడు. ఆధారం పైన ఒక లైను: ఎవరు, ఎవరికి, ఎప్పుడు రాశారు. కింద ఒక లైను: రూపాయికి 16 అణాలు. ఈ కాలం పిల్లలకు అణా తెలియదు. ఆ ఒక్క మాట తెలియక చరిత్రలో మార్కులు పోకూడదు.

దానిమీద మూడు ప్రశ్నలు, మొత్తం ఎనిమిది మార్కులు. మొదటిదానికి రెండు మార్కులు: వైస్రాయ్ ఆదాయం భారతీయుడి సగటు ఆదాయానికి సుమారు ఎన్ని రెట్లు, బ్రిటన్ ప్రధాని ఆదాయం అక్కడి సగటుకు ఎన్ని రెట్లు? 700 రూపాయలంటే 11,200 అణాలు, రెండుతో భాగిస్తే 5,600. అవతల 180ని రెండుతో భాగిస్తే 90. ఆధారాన్ని చదివితే చాలు, ఇది వస్తుంది. రెండోదానికి మూడు మార్కులు: పేదవాడి మీద పడే భారాన్ని చూపించడానికి గాంధీజీ ఎంచుకున్న పన్ను ఏది, ఈ ఉత్తరంలోని లెక్క ఆ ఎంపికకు ఎలా బలమిస్తుంది? దీనికి ఆధారమూ కావాలి, పాఠమూ కావాలి. ఉప్పు ధనికుడూ పేదా సమానంగా తినే వస్తువని, దాని తయారీ, అమ్మకం ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉన్నాయని పాఠంలో చదివినవాడు, రెండు అణాల మనిషికి ఆ పన్ను ఎంత బరువో చెప్పగలడు. మూడోదానికి మూడు మార్కులు: గాంధీజీ విమర్శ ఇర్విన్ అనే మనిషి మీదా, పాలనా పద్ధతి మీదా? ఉత్తరంలోంచి రుజువు చూపిస్తూ రాయండి.

ఈ మూడో ప్రశ్నకు జవాబు గైడులో లేదు. పద్ధతి మీదేనని చాలామంది రాశారు. బ్రిటన్ ప్రధానితో పోల్చడాన్ని రుజువుగా చూపిన వాళ్లున్నారు, గౌరవం ఉందన్న వాక్యాన్ని చూపిన వాళ్లున్నారు. ఒకమ్మాయి, జీతం అంకెను అంత వివరంగా రాసి పంపడం ఆ మనిషికి గుచ్చుకోవాలనేనని, మర్యాద మాట పైపూతేనని రాసింది. నేను ఆమెతో ఏకీభవించను. కానీ ఉత్తరంలోని అంకెను పట్టుకుని వాదించింది కాబట్టి మూడుకు మూడూ వేశాను. పద్ధతి మీదే విమర్శ అని "సరైన" మాట రాసి రుజువు చూపని పేపరుకు ఒక్క మార్కే వేశాను. దిద్దే నియమం ముందే రాసుకుని పెట్టుకోకపోతే ఈ తేడా చూపించలేం. నా నియమం చిన్నది: నిర్ణయానికి ఒకటి, ఆధారంలోంచి చూపిన మాటకు లేదా అంకెకు ఒకటి, ఆ రెండింటినీ ముడివేసిన వాక్యానికి ఒకటి.

గైడు జవాబు ఇలాంటిచోట తనంతట తానే బయటపడుతుంది. ప్రశ్న ఏదైనా సరే 1930 మార్చి 12తో మొదలై, 78 మంది అనుచరుల మీదుగా నడిచి దండి చేరుతుంది. ఇర్విన్ జీతం ప్రస్తావనే ఉండదు. దానికి సున్నా వేయడానికి నేనెవరినీ దొంగా అనక్కర్లేదు, చిట్టీ కోసం జేబులు తడమక్కర్లేదు. ప్రశ్నకు జవాబు రాలేదు, అంతే.

బి సెట్టుకు వేరే ఆధారం. అదే ఏడాది జనవరి 31న గాంధీజీ ప్రభుత్వం ముందు పెట్టిన పదకొండు కోరికల్లోంచి అయిదు: భూమి శిస్తు సగానికి తగ్గించాలి, ఉప్పు పన్ను తీసేయాలి, విదేశీ బట్ట మీద రక్షణ సుంకం వేయాలి, తీరం వెంట నౌకా రవాణాను భారతీయ ఓడలకే ఉంచాలి, పెద్ద ఉద్యోగుల జీతాలు తగ్గించాలి. ప్రశ్నల నడక ఎ సెట్టులాంటిదే. ఏ కోరిక ఎవరికి మేలు చేస్తుందన్నది మొదటిది. అన్ని వర్గాలనూ ఒక్కతాటిపైకి తేవడానికి వాటిలో ఉప్పునే ఎందుకు ముందుకు తెచ్చాడన్నది రెండోది. ఈ జాబితా స్వరాజ్యం కోరికను పలుచన చేసిందా, సామాన్యుడి దగ్గరికి తెచ్చిందా అన్నది మూడోది, రుజువుతో.

నేను మొదటిసారి ఈ సెట్టు ఇచ్చినప్పుడు అందులో ఇంకో కోరిక కూడా పెట్టాను. రూపాయి మారకం విలువను ఒక షిల్లింగు నాలుగు పెన్సులకు తగ్గించాలన్నది. అదీ ఆ పదకొండులోదే, వ్యాపారులకూ మిల్లు యజమానులకూ ముఖ్యమైనది. పిల్లలు అక్కడే ఆగిపోయారు. షిల్లింగు అంటే ఏమిటో, మారకం తగ్గితే ఎవరికి లాభమో తెలియక చాలామంది మొదటి ప్రశ్నలోనే సమయం పోగొట్టుకున్నారు. ఎ సెట్టు పిల్లలకు ఆ కష్టం లేదు. తన పేపరే కష్టంగా వచ్చిందని ఒక కుర్రాడు గట్టిగా అడిగాడు. వాడి మాట నిజం. రెండు సెట్లు పెట్టి కాపీని ఆపి, ఇంకో రకం అన్యాయం చేశానన్నమాట.

సెట్లు సమానంగా ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది? దానికోసం తొమ్మిది బిట్లలో మూడింటిని రెండు రకాల పేపర్లలోనూ అవే ఉంచుతాను. చదరంగం గళ్లలా పంచాం కాబట్టి బాగా చదివేవాళ్లు, వెనకబడినవాళ్లు రెండు వైపులా దాదాపు సమానంగానే పడి ఉంటారు. ఉమ్మడి బిట్లలో రెండు జట్ల మార్కులు దగ్గరగా ఉండి, ఆధారం ప్రశ్నలో మాత్రం ఒక జట్టు బాగా వెనకబడితే లోపం ప్రశ్నలో ఉందని అర్థం. జట్టుకు ఇరవై మందే ఉన్నప్పుడు చిన్న తేడాను పట్టించుకోకూడదు. ఎనిమిది మార్కులకు సగటున అర మార్కు తేడా యాదృచ్ఛికంగానే రావచ్చు. రెండు మార్కుల తేడా వస్తే మాత్రం ఒక్కో చిన్న ప్రశ్నా విడివిడిగా చూడాలి. నా షిల్లింగు ప్రశ్న అలాగే పట్టుబడింది. ఆ భాగాన్ని రద్దు చేసి, మిగిలిన మార్కులను ఎనిమిదికి లెక్కగట్టి వేశాను. మరుసటి ఏడాది ఆ కోరికను తీసేశాను.

ఆధారం ప్రశ్నల్లో ఇంకో లోపం పైకి కనిపించదు. మూడు ప్రశ్నలకూ జవాబులు ఆ పేరాలోనే దొరికితే అది చరిత్ర పరీక్ష కాదు, తెలుగు పఠనావగాహన పరీక్ష. పాఠం ఒక్కరోజూ వినని పిల్లవాడు కూడా చదివి రాసేస్తాడు. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. పాఠం చదవని, బాగా చదవడం వచ్చిన ఒకరి చేతికి ఆ పేజీ ఇవ్వండి. స్టాఫ్ రూంలో ఉండే లెక్కల మాస్టారైనా సరే. ఆయనకు మొదటి ప్రశ్నలో పూర్తి మార్కులు రావాలి, రెండోదానిలో చిక్కుకోవాలి. మూడూ రాసేస్తే మీ పేపర్లో చరిత్ర లేదు. మొదటిదీ రాయలేకపోతే మీ ఆధారం భాష కష్టంగా ఉంది. ఆధారం వంద, నూట ఇరవై మాటలు దాటకూడదు. మెల్లగా చదివే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అందుకే టెస్టు మొదట్లోనే దాన్ని నేను ఒకసారి గట్టిగా చదివి వినిపిస్తాను. రెండు ఆధారాలూ చదివినా అయిదు నిమిషాలు పట్టదు, ఎవరి రహస్యమూ పోదు.

ఆధారాన్ని సొంతంగా కల్పించి గాంధీజీ పేరు పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. తేలిక చేస్తే తేలిక చేశామని, సారాంశమైతే సారాంశమని పైన రాయాలి. రుజువు అడిగే పరీక్షలో రుజువే దొంగదైతే పిల్లలకు మనం నేర్పేది ఏముంటుంది?

ఇక మిగిలిన ఎనిమిది మార్కులు అన్వయానికి. ఇక్కడ మనం తరచూ అడిగే ప్రశ్న "నీవు దండియాత్రలో ఉంటే ఏమి చేసేవాడివి?" దానికి దేశభక్తి వ్యాసం వస్తుంది. అదీ బట్టీ పట్టదగినదే. అన్వయం ప్రశ్నలో ఒక నియమం ఉండాలి, ఒక సందర్భం ఉండాలి, నియమాన్ని ఆ సందర్భానికి వర్తింపజేసి తేల్చాల్సిన పని ఉండాలి. ఉప్పు కథలో దానికి సరిగ్గా సరిపోయేది 1931 మార్చి 5న కుదిరిన గాంధీ-ఇర్విన్ ఒప్పందం. ఉప్పు చట్టాన్ని ప్రభుత్వం రద్దు చేయలేదు. ఉప్పు దొరికే చోట్లకు ఆనుకుని ఉన్న గ్రామాల వాళ్లు ఇంటి వాడకానికి, లేదా ఆ గ్రామాల్లోనే అమ్ముకోవడానికి ఉప్పు ఏరుకోవచ్చు, తయారు చేసుకోవచ్చు అని సడలింపు ఇచ్చింది. బయటివాళ్లకు అమ్మకూడదు, వాళ్లతో వ్యాపారం చేయకూడదు.

ఈ నిబంధనను పేపర్లోనే ఇచ్చి, ఎ సెట్టులో మూడు సందర్భాలు పెట్టాను. సముద్రం ఒడ్డు పల్లెలో ఒకామె ఇంట్లో వంటకు ఉప్పు వండుకుంది. అదే ఊరివాడు పొరుగింటికి అమ్మాడు. మూడో అతను బండికెత్తి దూరంలో ఉన్న సంతకు తోలుకెళ్లాడు. బి సెట్టులో వేరే మూడు. పట్నం వ్యాపారి తానే ఆ ఊరికి వచ్చి ఉప్పు కొన్నాడు. ఉప్పు భూములకు చాలా దూరంలో ఉన్న మెట్ట ఊరి రైతు వచ్చి తన ఇంటికోసమే ఏరుకున్నాడు. ఒక మత్స్యకారుడు తాను పట్టిన చేపలను ఎండబెట్టడానికి ఉప్పు వాడాడు, ఆ ఎండుచేపలను బయట అమ్ముతాడు. ఏది నిబంధనకు లోబడింది, ఏది కాదు, ఎందుకు? చివర రెండు సెట్లకూ ఒకే ప్రశ్న: ఈ ఒప్పందంతో సత్యాగ్రహం లక్ష్యం నెరవేరిందా?

పట్నం వ్యాపారి సందర్భంలో పిల్లలు ఆగి ఆలోచిస్తారు. ఉప్పు ఊరు దాటి వెళ్లలేదు, అమ్మకం ఊళ్లోనే జరిగింది, కానీ కొన్నది బయటివాడు. కాబట్టి కుదరదు. మత్స్యకారుడి సందర్భానికైతే నాకే ఒక్క జవాబు లేదు. ఉప్పును అమ్మలేదు గదా అని ఒకరంటారు. ఎండుచేపల రూపంలో ఉప్పుతోనే వ్యాపారం చేశాడని ఇంకొకరంటారు. నిబంధనలోని ఏ మాటను పట్టుకుని వాదించారన్నదానికే మార్కులు వేశాను. పక్కవాడి పేపర్లో "కుదరదు" అన్న మాట చూసి రాసినవాడికి ఆ మాట ఒక్కటే దొరుకుతుంది. దాని వెనక ఉన్న కారణం వాడిదే అయి ఉండాలి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. పేపరు ఫొటో తీసి బయటికి పంపి జవాబు రాయించుకునేవాడిని ఇది ఆపలేదు. ఒకరి బదులు ఇంకొకరు రాసే మోసాన్నీ, ఇన్విజిలేటరే చేతులు కలిపిన చోటునూ ఆపలేదు. దిద్దడానికి సమయం ఎక్కువ పడుతుంది. బట్టీ జవాబును కంటితో దిద్దేయొచ్చు, వాదనను చదవాలి. తేదీలు, పేర్లు వద్దని కూడా దీని అర్థం కాదు. మార్చి 2 ఉత్తరం, మార్చి 12 యాత్ర, ఏప్రిల్ 6 ఉప్పు అన్న వరస తెలియనివాడు ఆధారాన్ని ఎక్కడ నిలబెట్టాలో తెలియక తికమకపడతాడు. అందుకే తొమ్మిది బిట్లను నేను వదులుకోలేదు.

అన్నిటికన్నా పెద్ద హద్దు మరొకటి. కొత్త ఆధారం ఒక్కసారే కొత్తది. పొద్దున ఎ సెక్షన్‌కు ఇచ్చినది మధ్యాహ్నం బి సెక్షన్‌కు తెలిసిపోతుంది. ఈ ఏడాది ఇచ్చినది వచ్చే ఏడాదికి జిరాక్స్ సెంటర్‌లో నోట్సుగా దొరుకుతుంది. నేను వాడిన ఇర్విన్ ఉత్తరం సంగతీ అంతే, దాన్ని మళ్లీ ఇవ్వలేను. కొత్తవి ఎక్కడ దొరుకుతాయని తోటి టీచర్లు అడుగుతుంటారు. గాంధీజీ రచనల సంపుటాలు వంద ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. 1902లో మచిలీపట్నంలో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్థాపించిన ఆంధ్రపత్రిక పాత సంచికలు గ్రంథాలయాల్లో ఉన్నాయి. టంగుటూరి ప్రకాశం ఆత్మకథ నా జీవిత యాత్ర చాలా ఊళ్ల లైబ్రరీల్లో ఉంది. మచిలీపట్నం పిల్లలకు మచిలీపట్నం తీరంలో జరిగిన ఉప్పు సత్యాగ్రహం వార్త ఇస్తే గుజరాత్ కథ వాళ్ల ఊరి కథ అవుతుంది.

ఒక్క టీచరు ఏడాదికి ఇరవై ఆధారాలు వెతకలేడు. మండలంలో పది మంది సోషల్ టీచర్లుంటే ఒక్కొక్కరు రెండు వెతికితే ఇరవై అవుతాయి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు మనం ఎలాగూ వెళ్తున్నాం. వచ్చే సమావేశానికి తలా రెండు ఆధారాలు, వాటి పైన ఎవరు, ఎవరికి, ఎప్పుడు అన్న లైనుతో, కింద మూడు ప్రశ్నలతో పట్టుకురండి. ఒక స్కూల్లో వాడినదాన్ని ఆ స్కూల్లో మళ్లీ వాడకుండా పక్క స్కూలుకు ఇవ్వండి. గైడులో కనిపించిన రోజున దాన్ని పక్కన పెట్టేయండి.